కరపత్రం ఫోటోలోని టీకాలు, వయసు వారీగా

పిల్లల టీకాల కరపత్రం ఫోటో ఎంత పెద్దది చేసినా అక్షరాలు అలుక్కుపోతున్నాయని చాలామంది అన్నారు, అందుకే అందులో ఉన్నదంతా పట్టికగా టైప్ చేశాను. ఇవన్నీ ప్రభుత్వం ఉచితంగా వేసేవే, ప్రైవేటు డాక్టర్లు అదనంగా చెప్పేవి ఇందులో లేవు.

| వయసు | సూదులు | నోట్లో చుక్కలు |
|---|---|---|
| పుట్టగానే | బీసీజీ, హెపటైటిస్-బి (24 గంటల్లోపు) | పోలియో (15 రోజుల్లోపు) |
| 6 వారాలు | పెంటా-1, పోలియో సూది-1, పీసీవీ-1 | పోలియో-1, రోటా-1 |
| 10 వారాలు | పెంటా-2 | పోలియో-2, రోటా-2 |
| 14 వారాలు | పెంటా-3, పోలియో సూది-2, పీసీవీ-2 | పోలియో-3, రోటా-3 |
| 9–12 నెలలు | ఎంఆర్-1, పీసీవీ బూస్టర్, పోలియో సూది-3*, జేఈ-1 | విటమిన్-ఎ |
| 16–24 నెలలు | ఎంఆర్-2, డీపీటీ బూస్టర్-1, జేఈ-2 | పోలియో బూస్టర్, విటమిన్-ఎ |
| 5–6 ఏళ్లు | డీపీటీ బూస్టర్-2 | – |
| 10, 16 ఏళ్లు | టీడీ | – |

\* ఇది కరపత్రంలో లేదు, అది పాత ముద్రణ. 2023 జనవరి నుంచి ఈ డోసు వచ్చింది కాబట్టి నేనే చేర్చాను.
జేఈ అంటే మెదడువాపు టీకా. కొన్ని జిల్లాల్లోనే వేస్తారు, మీ దగ్గర ఉందో లేదో ఏఎన్ఎంని అడగండి.

ఒక్కచోట మాత్రం జాగ్రత్త: ఫోటోలో కాగితం మడత సరిగ్గా 10, 14 వారాల వరుసల మధ్య పడింది, దాంతో పోలియో సూది, పీసీవీ రెండో డోసులు 10 వారాల దగ్గరే ఉన్నట్టు కనిపిస్తున్నాయి. అవి 14 వారాలవి. 10 వారాలకు పడేది పెంటా సూది ఒక్కటే, మిగతావి చుక్కలు, కాబట్టి ఆ రోజు "ఇంకో సూది మర్చిపోయారేమో" అని నర్సుతో వాదనకు దిగకండి.

పెంటా అంటే ఒకే సూదిలో ఐదు: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ అనే బ్యాక్టీరియా. డీపీటీ వీటిలో మొదటి మూడింటికి, టీడీ ధనుర్వాతం, కంఠసర్పికి. ఎంఆర్ తట్టుకి, రుబెల్లాకి. పీసీవీ న్యుమోకాకల్ నిమోనియాకి, రోటా విరేచనాలకి, బీసీజీ క్షయకి.

వారాలను నెలల్లోకి మార్చి లెక్కేస్తే తేడా వస్తుంది. పుట్టిన తేదీ నుంచి 42, 70, 98 రోజులు లెక్కపెట్టి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవడం తేలిక. జలుబు వల్లో ఊరు వెళ్లడం వల్లో ఆలస్యమైతే టెన్షన్ పడక్కర్లేదు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే పనీ లేదు, ఆగిన డోసు నుంచే కొనసాగిస్తారు. పెంటా డోసుల మధ్య కనీసం 4 వారాలు ఉండాలి, అంతే. రోటా మొదటి డోసు, బీసీజీ మాత్రం ఏడాది దాటితే ఈ కార్యక్రమంలో వేయరు.

బీసీజీ వేసిన ఎడమ భుజం మీద కొన్ని వారాలకు చిన్న పొక్కు లేచి, చితికి, మచ్చ పడుతుంది. అది మామూలే, దానికి పసుపు, ఆయింట్‌మెంట్ లాంటివేమీ రాయొద్దు. విటమిన్-ఎ టీకా కాదు గానీ అదే కార్డులో రాస్తారు, రెండో డోసు తర్వాత ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి వేయించాలి, చాలామంది వదిలేసేది ఇదే.