అమ్మానాన్నల నలభయ్యో పెళ్ళిరోజు వీడియో: మేం ముగ్గురం చదివే మాటలు

(హాల్లో లైట్లు తగ్గించాక, కేక్ కోయడానికి ముందు వేయాలి. మాటలు మొదలవగానే పాట సౌండు బాగా తగ్గించాలి. నాన్నకి చెవి కాస్త మందం.)

తెర మీద: ఖాళీ ఆల్బమ్ పేజీ

చిన్నమ్మాయి: అమ్మా, నాన్నా, ఈ వీడియో కోసం బీరువా మీది ట్రంకు పెట్టె దింపి మొత్తం వెతికాం. మా ముగ్గురి ఫొటోలు మూడు వందలు పైనే ఉన్నాయి. అన్నయ్యవి బోసి ఫొటోలే పదకొండు. మీ ఇద్దరూ కలిసి ఉన్నవి ఎన్నో తెలుసా? మూడు. నలభై ఏళ్ళకి మూడు! సరే, ఉన్నవాటితోనే మొదలుపెడదాం.

తెర మీద: పెళ్ళి ఫొటో, తెనాలి, 1986 ఫిబ్రవరి

పెద్దమ్మాయి: తెనాలిలో తాతయ్యగారింటి ముందు పందిరి. రాత్రి ముహూర్తం. మిర్చి సీజను మధ్యలో పెళ్ళి కావడంతో కొట్టు యజమాని నాన్నకి రెండు రోజులే సెలవిచ్చారట. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే వేళకి కరెంటు పోయింది. ఎవరో పెట్రోమాక్స్ లైటు తెచ్చారు. ఫొటోలో అమ్మ తల వంచుకుని ఉంది. నాన్న మాత్రం పక్కకి చూస్తున్నారు. పెళ్ళికూతుర్ని చూడమంటే ఆ లైటుని చూశారని అమ్మ ఇప్పటికీ అంటుంది. అది పెళ్ళివాళ్ళ మీద పడుతుందేమోనని చూశానంటారు నాన్న. మా ఓటు అమ్మకే.

ఇంకో మాట కూడా అమ్మే చెప్పింది. నలుగు పెట్టి తలంటు పోసినా నాన్న చేతుల్లో మిర్చి ఘాటు పోలేదట. చెయ్యి పట్టుకున్న గంటకి అమ్మ అరచెయ్యి భగభగా మండిందట. కొత్త పెళ్ళికూతురు, ఎవరితో చెప్పుకుంటుంది? పెరట్లోకి వెళ్ళి కొబ్బరి నూనె రాసుకుంది.

తెర మీద: బ్రాడీపేట ఇంటి పెరడు, ఈ మధ్య ఫోన్లో తీసింది

చిన్నమ్మాయి: ఇక్కడ ఉండాల్సిన ఫొటో మా దగ్గర లేదు. కానీ కళ్ళు మూసుకుంటే ముగ్గురికీ కనిపిస్తుంది.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా నాన్న గుంటూరు మిర్చి యార్డు నుంచి వచ్చేసరికి రాత్రి తొమ్మిదో పదో అయ్యేది. వీధి గుమ్మం వైపు రారు. పక్క సందులోంచి నేరుగా పెరట్లోకి. పొద్దుట్నుంచీ తేజ మిర్చి టిక్కీల మధ్య కూర్చుని కాటా చీటీలు రాసిన మనిషి. చొక్కా విప్పి దులిపితే వంటింట్లో ఉన్న మేం వరసగా తుమ్మేవాళ్ళం. ఆ చొక్కాకి విడిగా ఒక తీగ ఉండేది. దాని మీద ఇంకెవరి బట్టలూ ఆరేయకూడదు.

అమ్మ ముందు నీళ్ళివ్వదు, నూనె గిన్నె ఇస్తుంది. ఘాటు నీళ్ళకి పోదు, నూనెకే లొంగుతుంది. నాన్న పెరటి గట్టు మీద కూర్చుంటే మోచేతుల దాకా నూనె రాసి, వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద రుద్దేది. తర్వాత శనగపిండి. ఆ తర్వాతే సబ్బు, వేణ్ణీళ్ళు. ఆ పావుగంటలో ఇద్దరూ ఏం మాట్లాడుకునేవారో మాకు తెలియదు. దగ్గరికి వెళ్తే ఘాటు తగులుతుందని కసిరేవారు. ఇప్పుడనిపిస్తోంది, ఘాటు వంకతో మమ్మల్ని తరిమేవారేమో!

నాకు ఏడాది నిండనప్పుడు నాన్న రాగానే ఎత్తుకున్నారట. ఆ చెయ్యి నా కంట్లో తగిలి తెల్లవార్లూ ఏడ్చానట. ఆ రోజు నుంచి స్నానం అయ్యేదాకా మాలో ఎవర్నీ ముట్టుకోలేదు నాన్న. చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మం అవతల నిలబడి, లెక్కలు చేశారా అని అడిగేవారు.

తెర మీద: స్టూడియో ఫొటో, అరండల్‌పేట, 1994. వెనక జలపాతం బొమ్మ తెర

అబ్బాయి: రెండోది. ఏడుస్తున్నది చెల్లి. చెప్పు ఒక్కటే వేసుకున్నది నేను. రెండో చెప్పు లూనా మీంచి పడిపోయింది. ఐదుగురం ఒకే లూనా. శంకర్‌విలాస్ వంతెన దగ్గరికి రాగానే బండి మూలిగేది. అమ్మ చెల్లిని చంకనేసుకుని, అక్క చెయ్యి పట్టుకుని దిగి నడిచేది. నాన్నా నేనూ వంతెన మీద దర్జాగా ఎదురుచూసేవాళ్ళం. ఇప్పుడు ఆ పాత వంతెనే కొట్టేశారు. అమ్మా, నీ మోకాళ్ళ నొప్పులకి దానికీ వాటా ఉందని నా అనుమానం.

నేనొకటి చెప్పాలి నాన్నా. ఏడో తరగతిలో పేరెంట్స్ మీటింగుకి మిమ్మల్ని రావద్దన్నాను. మీ దగ్గర మిర్చి వాసన వస్తుంది, అందరూ తుమ్ముతారు అన్నాను. మీరేమీ అనలేదు. అమ్మ ఒక్కతే వచ్చింది. మరుసటి ఏడాది మధ్యాహ్నమే ఇంటికొచ్చి, నూనె, శనగపిండి, స్నానం, ఇస్త్రీ చొక్కా, అన్నీ అయ్యాక వచ్చారు. వచ్చి కూడా గేటు దగ్గరే నిలబడ్డారు. నేనే వచ్చి పిలవాల్సింది. పిలవలేదు. ఇన్నేళ్ళకి పిలుస్తున్నాను, లోపలికి రండి నాన్నా.

తెర మీద: కృష్ణా పుష్కరాలు, అమరావతి, 2004

అబ్బాయి: మూడోది. తీసింది నేనే. మూలన ఎర్రగా కనిపించేది సూర్యుడు కాదు, నా బొటనవేలు. తడి చీరలో అమ్మ, భుజాన తువ్వాలుతో నాన్న. రీలులో ఆఖరి ఫొటో అది.

పెద్దమ్మాయి: ఆ మరుసటి ఏడాదే కొట్టు దెబ్బతిని నాన్నకి మూడు నెలలు జీతం ఆగింది. నాకప్పుడే ఇంజనీరింగ్ సీటొచ్చింది. అమ్మ గాజులు వెళ్ళిపోయాయి. గోల్డ్ కలర్‌వి వేసుకుని, ఇవి తేలిగ్గా ఉన్నాయే అంది. ఆ చలికాలం పండుమిర్చి దంచి, గోంగూర కలిపి పచ్చడి పెట్టి లైన్లో వాళ్ళకి అమ్మడం మొదలుపెట్టింది. నాన్న సీసాలు తూచేవారు. కిలో అంటే ముల్లు కిలో దాటి కాస్త అటు వాలాల్సిందే. అట్టముక్క మీద బరువు, తేదీ, కాటా చీటీ రాసినట్టే కొట్టు చేతిరాతతో రాసేవారు. అలా వేస్తే నష్టమండీ అని అమ్మ, తక్కువ తూస్తే నిద్రపట్టదే అని నాన్న. రోజూ ఇదే గొడవ. నా ఫీజు మాత్రం ఏనాడూ లేటవలేదు.

తర్వాతవి మీకు తెలిసినవే. చదువులు, పెళ్ళిళ్ళు, మనవలు. నేను హైదరాబాదు, తమ్ముడు బెంగళూరు, చెల్లి ఒక్కతే గుంటూర్లో. మా పెళ్ళిళ్ళ ఆల్బమ్‌లు కూడా చూశాం. నాన్న వంటవాళ్ళ దగ్గర ఉన్నారు, అమ్మ చుట్టాల దగ్గర ఉంది. ఒక్క ఫ్రేములోనూ ఇద్దరూ లేరు.

తెర మీద: మళ్ళీ ఖాళీ ఆల్బమ్ పేజీ

చిన్నమ్మాయి: అందుకని, ఇప్పుడు హాల్లో లైట్లు వేస్తారు. స్టేజీ మీద రెండే కుర్చీలు వేశాం. మేమెవరం పక్కన నిలబడం. అమ్మా, వంటవాళ్ళకి ఏం కావాలో నేను చూసుకుంటాను, నువ్వు లేవకు. నాన్నా, పై గుండీ పెట్టుకోండి. అమ్మ చెయ్యి పట్టుకోండి, యార్డు మానేసి ఆరేళ్ళయింది, ఇప్పుడేం మండదు.

అబ్బాయి: ఫొటో తీసేది మనవడు. బొటనవేలు అడ్డం పెట్టొద్దని చెప్పాను.

పెద్దమ్మాయి: నాన్నా, ఈసారైనా లైటు వైపు కాదు. అమ్మ వైపు చూడండి.