సంక్రాంతి కేటలాగ్ షూట్: ఫోటోగ్రాఫర్ గారికి వివరాలు

నమస్కారమండి. ఫోన్లో అనుకున్నవన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీతోపాటు మీ అసిస్టెంట్‌ని కూడా ఒకసారి చదవమనండి.

షూట్ డిసెంబరు 13, 14, శని ఆదివారాలు. అమలాపురం శివార్లలో కాలువ పక్కనున్న మా పుట్టింటి మండువా లోగిలిలో. అల్పపీడనం పట్టి వాన వస్తే 20, 21 తేదీలకి మారుద్దాం. ఆ రోజులు ఇంకెవరికీ ఒప్పుకోకండి.

ముందుగా ఒక సంగతి. పోయిన సంక్రాంతికి ఫోటోలు కొబ్బరితోటలో తీయించాం. చూడ్డానికి బ్రహ్మాండంగా వచ్చాయి. కానీ పైనున్న ఆకుల పచ్చదనమంతా చీరలకి పాకింది. గంధం రంగు చీర లేత పచ్చగా కనిపించింది. మట్టల సందుల్లోంచి పడ్డ ఎండ చుక్కల్ని చూసి ఒకావిడ బుటాలనుకుని ఆర్డర్ పెట్టింది. చీర అందాక "బుటాలేవండీ?" అని ఫోన్. అలా పదకొండు చీరలు వెనక్కి వచ్చాయి. అందుకే ఈసారి నాకు కావలసింది ఒక్కటే: ఫోటోలో ఉన్న రంగే పార్సిల్ విప్పినప్పుడు కనిపించాలి. ఫోటో అందం ఆ తర్వాతి మాట.

సరుకు, ఫోటోల లెక్క

మొత్తం 36 రకాలు. బండారులంక నేత చీరలు 14, ఉప్పాడ జామ్దానీలు 10, ఆడపిల్లల పరికిణీలు 6, పంచె కండువా జతలు 6.

ఒక్కో చీరకి ఐదు ఫోటోలు:
1. ఎదురుగా నిలువెత్తు. పాదాల దగ్గర అంచు కట్ అవకూడదు.
2. వెనక నుంచి, కొంగు పూర్తిగా పరిచి.
3. నడుము నుంచి పైకి, కొంచెం పక్కకి తిరిగి.
4. అంచు, బుటా దగ్గరగా. నేత దారం కనిపించాలి.
5. మడత పెట్టిన చీర, పక్కన జాకెట్టు ముక్కతో.

జామ్దానీలకి ఆరోది కూడా ఉంది: చీర తిరగేసి అదే బుటా. జామ్దానీలో బుటాని నేసేటప్పుడే విడి దారంతో చేత్తో ఎక్కిస్తారు కాబట్టి వెనకవైపు కూడా దాదాపు ముందులాగే శుభ్రంగా ఉంటుంది. మిషన్ మీద నేసిన నకిలీల వెనక కత్తిరించిన దారాలు వేలాడుతుంటాయి. తెలిసిన కస్టమర్లు అడిగేదే ఆ ఫోటో. మూడు సెకన్ల పని అని అసిస్టెంట్ దాటేయకుండా చూడండి.

పరికిణీలకి మూడేసి, పంచెలకి రెండేసి. అన్నీ కలిపి 160. ఇవి కాక ముఖచిత్రానికీ మధ్య పేజీలకీ ఎనిమిది బయటి ఫోటోలు.

బ్యాక్‌గ్రౌండ్, వెలుతురు

ఆ 160 ఫోటోలూ ఒకేచోట తీయాలి. ఉత్తరం వైపు అరుగు మీద నేరుగా ఎండ పడదు, రోజంతా వెలుతురు నిలకడగా ఉంటుంది. గోడ ముందు పది అడుగుల మీగడ రంగు గుడ్డ కట్టిస్తాను. నేల మీద అదే రంగు చాప. ఎదుటి అరటిచెట్ల పచ్చదనం ఇటు కొట్టకుండా ఆ వైపు తెల్ల గుడ్డ అడ్డం కట్టిద్దాం. అరుగు మీద ట్యూబ్‌లైట్ వెలగకూడదు. మీ లైట్లు తెచ్చినా అన్నీ ఒకే రకానివి తెండి.

కెమెరా స్టాండ్ మీద నడుము ఎత్తులో ఉండాలి. స్టాండ్ కాళ్ల దగ్గర నేల మీద టేప్ అంటించండి, మోడల్ నిలబడే చోట కూడా. నిలువెత్తు ఫోటోలకి 85 మి.మీ. లెన్స్, f/8 దగ్గర. వెనక మసకగా రావడం కంటే కొంగు చివరిదాకా స్పష్టంగా ఉండటం నాకు ముఖ్యం. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వద్దు. ప్రతి చీరకీ మొదటి ఫ్రేములో గ్రే కార్డు పట్టించండి. లాప్‌టాప్ కేబుల్‌తో కలిపి పెడితే, చీర పక్కన పెట్టుకుని నేనే రంగు సరిచూస్తాను.

రెండు రంగులు తిప్పలు పెడతాయి. ఒకటి వంగపండు రంగు, కెమెరాలో నీలంలోకి జారిపోతుంది. రెండోది నెమలికంఠం. అందులో పడుగు నీలం, పేక ఆకుపచ్చ. ఎదురుగా చూస్తే ఒక రంగు, కొంచెం వాల్చితే ఇంకోటి. దానికి మాత్రం రెండు కోణాల్లో తీయండి, రెండూ వేస్తాను. జరీ ఉన్న వాటికి వెలుతురు పక్క నుంచి రావాలి. ఎదురుగా కొడితే జరీ తెల్లటి గీతలా వస్తుంది.

బయటి ఎనిమిదీ రెండు రోజుల్లోనూ పొద్దున్నే తీసేద్దాం. సూర్యోదయం ఆరున్నర లోపే అయినా మంచు విడేసరికి ఏడు దాటుతుంది. పలచటి మంచులో కాలువ గట్టు మీద మూడు, పడవ రేవు దగ్గర రెండు, కోత అయిన చేలో వరి కుప్ప పక్కన రెండు, మండువాలో పైనుంచి వెలుతురు పడేచోట ఒకటి. డ్రోన్ వద్దు. పైనుంచి తీస్తే చీర ఎలాగూ కనపడదు.

మోడళ్లు

చీరలకి ముగ్గురు. రాజమండ్రి నుంచి వచ్చే ఇరవై నాలుగేళ్ల అమ్మాయి, మా ఊరి టీచరుగారు (నలభై రెండు), మా పిన్ని (యాభై ఎనిమిది). నా చీరలు కొనేవాళ్లలో ఎక్కువమంది టీచరుగారి వయసు వాళ్లే. ఒంటి రంగు తెలుపు చేయడం, నడుము సన్నం చేయడం, ముడతలు చెరపడం ఏవీ వద్దు. చీర మీద దారప్పోగు ఉంటే మాత్రం చెరపండి. పంచెలకి మా మేనల్లుడు.

పిల్లలు ఇద్దరు, ఏడేళ్లు, పదేళ్లు. వాళ్ల అమ్మలు పక్కనే ఉంటారు. శనివారం తొమ్మిది నుంచి పదకొండు లోపు వాళ్ల పని అయిపోవాలి. పిల్ల విసుక్కుంటే ఆపేయండి, మిగతావి ఆదివారం చూద్దాం. అందరి దగ్గరా సంతకాలు నేను తీసుకుంటున్నాను. ఈ ఫోటోలు మీ పేజీలో పెట్టుకోవాలనుకుంటే పెద్దవాళ్లవి జనవరి తర్వాత, పిల్లలవి అసలు వద్దు.

కట్టు, ముస్తాబు

చీర కట్టేది ఒక్కరే, రెండు రోజులూ ఆవిడే. కుచ్చిళ్లు ఆరు, ఒకే వెడల్పు. కొంగు ఎడమ భుజం మీంచి మోకాలి కిందకి. నేత చీరలకి గంజి పెట్టించి ఇస్త్రీ చేయిస్తాను. జామ్దానీలకి గంజి లేదు, ఆవిరి ఇస్త్రీ మాత్రమే. మడత గీతలు కనిపిస్తే తీయకుండా నాకు చెప్పండి.

జాకెట్లు మోచేతి దాకా, ఏ పనీ లేనివి, మూడు రంగుల్లో కుట్టించాను. చెవులకి చిన్న బుట్టలు, మెడలో సన్నటి గొలుసు, చేతికి రెండేసి గాజులు. అందరికీ ఇవే. వాచీ, నెయిల్ పాలిష్ వద్దు. జడలో చామంతులు బయటి ఫోటోలకి మాత్రమే. అరుగు మీద పూలు పెడితే మధ్యాహ్నానికి వాడిపోయి, పొద్దుటి ఫోటోకీ దానికీ పొంతన ఉండదు. కాలువ గాలికి కొంగు ఎగురుతుంది, పిన్నులు నా దగ్గరున్నాయి.

ఫైళ్లు, డబ్బు

ఎంచినవి sRGB లో, పొడుగు వైపు 3000 పిక్సెళ్లు. పేరు చీర ట్యాగ్ నంబరుతో: `JM-04_2.jpg` అంటే నాలుగో జామ్దానీ, రెండో ఫోటో. 18వ తేదీకి మొదటి పది చీరలు పంపితే రంగులు చూసి చెబుతాను. మిగతావి 22 లోపు. రా ఫైళ్లు హార్డ్‌డిస్క్‌లో ఇవ్వండి. షూట్ 20, 21కి మారితే ఈ రెండు తేదీలకీ వారం కలుపుకోండి.

అనుకున్న 45,000 లో సగం ఇవాళే వేస్తున్నాను, మిగతాది ఫైళ్లు అందిన రోజు.

శుక్రవారం రాత్రికే వచ్చేస్తే మంచిది, పడకలు ఉన్నాయి. భోజనాలు ఇంట్లోనే. పక్క తోటలో ఆ రెండు రోజులూ దింపు పెట్టవద్దని చెప్పాను. అయినా కారు మాత్రం కొబ్బరిచెట్ల కింద పెట్టకండి, వీధి వైపు పెట్టండి.