వేసవి సెలవుల్లో పిల్లలతో ఆడించదగ్గ ఆటలు

గుంటూరు,
ఏప్రిల్ 22

నాలుగో తరగతి బి సెక్షన్ పిల్లల తల్లిదండ్రులకు,

నమస్కారం. ఈసారి సెలవులకి హోంవర్క్ ఇవ్వట్లేదు. పోయిన ఏడాది నలభై పేజీలు ఇస్తే, జూన్‌లో సగం పుస్తకాలు అమ్మల చేతిరాతతో వచ్చాయి. అందుకే ఈసారి ఆటలు ఇస్తున్నాను.

మొదటిది వామనగుంటలు. పీట లేకపోతే నేల మీద సుద్దముక్కతో ఏడేసి గళ్లు రెండు వరసలు గీయండి. గడికి ఐదు చొప్పున మొత్తం 70 చింతపిక్కలు కావాలి. పిక్కలు చేత్తో తాకకుండా, 'ఇవి తీసి పంచితే చివరిది ఎక్కడ పడుతుంది?' అని ముందే చెప్పించండి. మా క్లాసులో వేళ్లు మడిచి లెక్కపెట్టే ఒక బాబు, నాలుగు రోజులు ఆడాక కళ్లతోనే గళ్లు దాటేసి 'అక్కడ, టీచర్' అనడం మొదలుపెట్టాడు. రూల్స్ ఇంటింటికీ కొంచెం మారతాయి. మీ అమ్మమ్మగారి రూలే ఫైనల్. ఇంట్లో చంటిపిల్లలుంటే మాత్రం పిక్కలు పైన పెట్టండి, నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు.

పులి-మేక కూడా ఆడించండి. మూడు పులులు, పదిహేను మేకలు. తొందరపడి కదిపే పిల్లలకి మేకల వైపు ఇవ్వండి. ఒక్క మేక ఒంటరిగా దొరికిందా, పులి దూకేస్తుంది. రెండు ఆటలు ఓడిపోయాక వాళ్లే ఆగి ఆలోచిస్తారు.

బస్సులో వెళ్లేటప్పుడు ఊళ్ల పేర్లతో అంత్యాక్షరి బాగుంటుంది. గుంటూరు అంటే రేపల్లె, రేపల్లె అంటే లాం, లాం అంటే మంగళగిరి. చిక్కల్లా 'ల' దగ్గరే. తాడేపల్లి, బాపట్ల, మాచర్ల అన్నీ అక్కడే ఆగుతాయి. లాం అయిపోయాక లేమల్లె గుర్తొచ్చినవాళ్లు తెలివైనవాళ్లే, కానీ అది కూడా మళ్లీ 'ల' మీదికే వస్తుంది!

రైతుబజార్‌కి వెళ్తే వంద రూపాయలు పిల్లల చేతికిచ్చి, చిల్లర లెక్క వాళ్లకే వదిలేయండి. ఐదో పదో తప్పు పోతే పోనివ్వండి.

మిర్చి యార్డులో పని చేసే నాన్నలకు ఇది సీజన్ అని తెలుసు. రాత్రి అన్నాలయ్యాక ఒక్క ఆట చాలు. ఫోన్ లాక్కుని ఆటకి కూర్చోబెట్టకండి, గొడవవుతుంది. మీరు పీట వేసుకుని ఆడుతూ కూర్చోండి, వాళ్లే వస్తారు. పదకొండు నుంచి నాలుగున్నర దాకా ఎండలోకి పంపకండి, క్రికెట్ సాయంత్రమే.

జూన్ 12న బడి తెరిచాక మొదటి శనివారం క్లాసులో పులి-మేక పోటీ పెడతాను. అమ్మానాన్నలు కూడా రావచ్చు. నేను పులి వైపు, ముందే చెప్తున్నాను.

ఇట్లు,
మీ పిల్లల క్లాస్ టీచర్