ప్రార్థన హాల్లో మనవడి పుట్టినరోజు విందు: సంఘ కమిటీ జవాబు

సి.క్యాంప్, కర్నూలు
5 జనవరి 2026

ప్రియమైన ప్రభాకర్ అన్నకు,

ప్రభువు నామంలో వందనాలు. వదినగారికి, అమ్మాయికి, అల్లుడుగారికి కూడా మా వందనాలు చెప్పండి. బాబుకు అప్పుడే ఏడాది నిండుతోందంటే నమ్మబుద్ధి కావడం లేదు.

కొత్త సంవత్సరం ఆరాధన రోజు మీరు ఇచ్చిన ఉత్తరాన్ని నిన్న బల్లారాధన అయ్యాక కమిటీలో చదివాం. 24వ తేదీ శనివారం సాయంత్రం 6 నుంచి రాత్రి 11 దాకా ప్రార్థన హాలు కావాలని, 250 మంది వస్తారని, లోపల కేక్ కటింగ్, భోజనాలు, బయట కాంపౌండులో డీజే ఉంటాయని రాశారు. చెప్పాల్సింది ముందే చెప్పేస్తాను అన్నా. హాలు ఇవ్వలేం. పాస్టర్ గారితో సహా కమిటీలో అందరిదీ ఇదే మాట. ఒకరిద్దరు అడ్డుపడి ఆపించారని మీకు ఎవరైనా చెబితే నమ్మొద్దు.

మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర అందరం ఆగిపోయాం. 2009 వరదప్పుడు ఇదే హాల్లో వంటలు చేశారు, జనం పడుకున్నారు, అప్పుడు లేని అభ్యంతరం ఇప్పుడెందుకు అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పకుండా దాటేస్తే మీకు కోపం రావడంలో తప్పు లేదు.

ఆ అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊర్లోకి వచ్చినప్పుడు హాలు తలుపులు ఎవరు తీశారో మీకు బాగా తెలుసు, తాళంచెవి మీ దగ్గరే ఉండేది. పాతబస్తీ నుంచి తడిబట్టలతో వచ్చినవాళ్లను మీరు ఏ సంఘం, ఏ మతం అని అడగలేదు. పుల్పిట్ ముందు చంటిపిల్లల్ని పడుకోబెట్టారు. వెనక పెద్ద డేగిసాలో అన్నం, పప్పు ఉడికితే వచ్చినవాళ్లందరికీ పెట్టారు. ఆ రోజు ఎవరైనా లోపలికి రావచ్చు. 24న మాత్రం మీరు పిలిచినవాళ్లే రావాలి. మీ ఆఫీసు వాళ్లు, అల్లుడుగారి తరఫువాళ్లు, బంధువులు వస్తారు. అందులో తప్పేమీ లేదు, ఇంట్లో శుభకార్యం అంటే అలాగే ఉంటుంది. కానీ ఆ ఐదు గంటలు మన సంఘంలోని ఒక ముసలమ్మ ప్రార్థన చేసుకుందామని వస్తే గేటు దగ్గర ఆమెకు ఏం చెప్పాలి? కమిటీలో ఎవరి దగ్గరా దీనికి జవాబు లేదు.

ఇంకో సంగతి. మొన్న నవంబరులో మన ఆటో తమ్ముడు కూతురి ఓణీల ఫంక్షనుకు హాలు అడిగితే కుదరదన్నాం. ఆయన మారుమాట్లాడకుండా వీధిలో షామియానా వేసి చేసుకున్నాడు. మీరూ వచ్చారు, పక్కపక్కనే కూర్చుని భోంచేశాం. ఇప్పుడు మీకు సరేనంటే ఆయన మొహం ఎలా చూడాలి? హాల్లో తిరిగే ఆరు ఫ్యాన్లూ, మైకు సెట్టూ మీరిచ్చినవేనని సంఘంలో అందరికీ తెలుసు. ఆ మేలు మేం మర్చిపోలేదు. అయితే ఫ్యాన్లు ఇచ్చినవాళ్లకు హాలు దొరుకుతుంది, ఇవ్వలేనివాళ్లకు దొరకదు అనే మాట ఒక్కసారి పుడితే దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. మీ ఉత్తరంలో మీరు ఫ్యాన్ల ఊసే ఎత్తలేదు. అది మీ పెద్దరికం.

ఉత్తరంతో పాటు ఇచ్చిన 10,000 రూపాయల చెక్కును ఈ కవరులోనే తిరిగి పెట్టాను. తీసుకుంటే అది అద్దె అవుతుంది. అద్దె తీసుకున్న మరుసటి నెల నుంచి శనివారాలకు ఫంక్షన్ హాల్లాగా డైరీ పెట్టుకుని బుకింగులు రాసుకోవాల్సిందే. కార్యదర్శిగా ఆ డైరీ రాసే ఓపిక నాకైతే లేదు.

మిగతావి చిన్న ఇబ్బందులే, అయినా మీకు తెలియాలి. శనివారం సాయంత్రం యవనస్థుల పాటల ప్రాక్టీసు. అది అయ్యాక స్త్రీల సమాజం వాళ్లు ఊడ్చి, తుడిచి, జంపకానాలు పరిచి వెళ్తారు. రాత్రి 11కి విందు ముగిస్తే తెల్లారి ఆరాధనకు హాలు సిద్ధం కావాలంటే ఆ ఆడవాళ్లు అర్ధరాత్రి చీపుర్లు పట్టాలి. వాళ్లలో సగం మంది తెల్లవారుజామునే పనులకు వెళ్లేవాళ్లు. ఎదురుగా నర్సింగ్ హోమ్ కూడా ఉంది. ఆసుపత్రికి 100 మీటర్ల లోపు నిశ్శబ్దం పాటించాలన్నది శబ్ద కాలుష్య నియమాల్లో ఉన్నదే. డీజే వాడు సౌండు తగ్గిస్తానంటాడు గానీ, తగ్గించిన డీజేను నేనింకా చూడలేదు.

ఇక నేల సంగతి. మనం పరిచినవి బేతంచెర్ల బండలు. అవి సున్నపురాయి జాతి, నిమ్మరసం గానీ చింతపులుసు గానీ పడితే పాలిష్ అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఎడమ తలుపు పక్కన కూర గిన్నె అంత గుండ్రటి మచ్చ ఒకటి ఉంది, ఈసారి వచ్చినప్పుడు చూడండి. క్రిస్మస్ ప్రేమవిందులో ఎవరో రసం గిన్నె అక్కడ దించారు. సబ్బు, సోడా అన్నీ అయ్యాయి, మచ్చ మాత్రం పోలేదు. అప్పట్నుంచి సంఘం విందులు కూడా వెనక రేకుల షెడ్డులోనే పెడుతున్నామన్నది మీకూ తెలుసు.

అలాగని మిమ్మల్ని ఖాళీ చేతులతో పంపడం మాకు ఇష్టం లేదు. బాబు కోసం కృతజ్ఞత కూటం పెట్టుకోండి. శనివారం సాయంత్రం 5 నుంచి 6 దాకా హాల్లోనే పెట్టుకుందాం, పాటల ప్రాక్టీసును అరగంట వెనక్కి జరుపుతామని యవనస్థులు ఒప్పుకున్నారు. పాస్టర్ గారు బాబును ఎత్తుకుని ప్రార్థన చేస్తారు. సంఘమంతా రావచ్చు, మీ చుట్టాలూ రావచ్చు, మీ ఆఫీసులో మన విశ్వాసం కానివాళ్లూ రావచ్చు, గేటు దగ్గర ఎవరూ అడగరు. దీనికి రూపాయి కూడా అక్కర్లేదు.

కూటం అయ్యాక విందు ఎక్కడ చేసుకుంటారన్నది మీ ఇష్టం. మీ మిద్దె మీద షామియానా వేస్తే 150 మంది దాకా సరిపోతారని మన ఎలక్ట్రీషియన్ తమ్ముడు లెక్కేశాడు. మిగతావాళ్లకు రెండో బంతి. అంతమంది ఒకేసారి కూర్చోవాలంటే నంద్యాల రోడ్డు వైపు ఫంక్షన్ హాళ్లు చూడండి, సంక్రాంతి పోయాక కొన్ని ఖాళీగానే ఉంటాయి. సంఘం కుర్చీలు 100, జంపకానాలు, రెండు పెద్ద డేగిసాలు, నీళ్ల డ్రమ్ములు ఊరికే తీసుకెళ్లండి. వడ్డనకు పదిమంది పిల్లలు వస్తారు, వాళ్ల పేర్లు కూడా రాసి పెట్టాను. కుర్చీలు మాత్రం ఆదివారం ఉదయం 8 లోపు తిరిగి రావాలి, లేకపోతే ఆరాధనకు వచ్చిన పెద్దవాళ్లు నిలబడాలి.

మీరు పంపిన ఆహ్వాన పత్రికలో వేదిక దగ్గర మన మందిరం పేరు ఉంది. అచ్చు ఇంకా వేయించి ఉండకపోతే ఆపండి. వేయించేసి ఉంటే చెప్పండి, మార్చిన వేదికను ఆదివారం ప్రకటనల్లో చదివిస్తాను, సంఘం వాట్సాప్ గ్రూపులో కూడా పెడతాను.

వాక్యాలు ఎత్తి చూపించి మిమ్మల్ని గద్దించడానికి రాసింది కాదు ఇది. నేను పిల్లవాడిగా ఉన్నప్పుడు సండే స్కూల్లో ఆ వాక్యాలు నేర్పింది మీరే. కోపం వస్తే ఇంటికొచ్చి తిట్టండి, కాఫీ తాగుతూ వింటాను. ఆదివారం ఆరాధనకు రావడం మాత్రం మానొద్దు.

కృతజ్ఞత కూటం మాట 11వ తేదీ ఆదివారం లోపు చెప్పండి. 24 సాయంత్రానికి పాస్టర్ గారిని కోడుమూరు కూటానికి పిలుస్తున్నారు. మీరు సరేనంటే వాళ్లకు రానని ఫోన్ చేస్తారు.

ప్రభువునందు మీ తమ్ముడు,
సంఘ కార్యదర్శి
(కమిటీ తరఫున)