ముందు కాలవలు, తర్వాతే రోడ్లు: తిరుపతి కార్పొరేటర్ తొలి ప్రసంగం

అమ్మలకు, అయ్యలకు, అన్నలకు, అక్కలకు నమస్కారం.

నాకు ఓటేసినవాళ్లూ ఇక్కడున్నారు, వేయనివాళ్లూ ఉన్నారు. "ఓట్లయిపోయినాయి, ఇంక ఈయన కనబడతాడా?" అని వెనక వరసలో అంటున్నారు. అనే హక్కు మీకుంది. నన్ను నమ్మమని అడగను. పని ఎట్లా చూసుకోవాలో, నన్ను ఎక్కడ నిలదీయాలో చెప్తాను.

కార్పొరేటర్ చెక్కు రాయలేడు. అసిస్టెంట్ ఇంజినీరు, అంటే ఏఈ, అంచనా వేయాలి, మంజూరు రావాలి, టెండరు పిలవాలి, ఆ తర్వాతే పని. అందుకే ప్రతి వీధికీ సీసీ రోడ్డని ఈరోజు మాటివ్వను.

ముందు కాలవలు. 2021 నవంబరు వానలకు మన ఊళ్లో పల్లపు వీధులు ఎట్లా మునిగినాయో మీకు చెప్పక్కర్లేదు. శేషాచలం కొండల నుంచి దిగే నీళ్లు ఊరు దాటి స్వర్ణముఖి వైపు పోవాలి. మన వీధులు ఆ దారిలోనే ఉన్నాయి. అక్టోబరులో ఈశాన్య వానలు పట్టేలోగా, అంటే సెప్టెంబరు ఆఖరుకు, పూడిక పోవాలి. పల్లం నుంచి మొదలుపెట్టి మెరకకు రావాలి. మెరకలో ముందు తీస్తే నీళ్లు జోరుగా వచ్చి కింది ఇళ్ల మీద పడతాయి. తీసిన మట్టిని గట్టున వదిలేస్తే ఒక్క వానకు మళ్లీ కాలవలోకే. రెండో రోజుకల్లా ట్రాక్టరు రాకపోతే నాకు ఫోన్ చేయండి. కల్వర్టు పైనుంచి చూసి సరే అనుకోవద్దు. వంగి చూడండి: తూముకు అడ్డంగా ఒక పైపు, దానికి చుట్టుకున్న కేబుల్ వైర్లు, వాటికి తగులుకున్న కవర్లు. నీళ్లు ఎగదన్నేది అక్కడే. ఇంటి ముందు కాలవ మీద బండలు పరిచినవాళ్లకు నా మనవి ఒక్కటే: పార దిగేంత జాగాలో ఒక పలకైనా ఎత్తే వీలుంచండి.

రెండోది కొళాయి నీళ్లు. మన సందుల్లో మంచినీళ్ల పైపులు కొన్ని కాలవలోంచే పోతున్నాయి. సరఫరా ఆగితే పైపు ఖాళీ అవుతుంది, చిల్లుంటే మురుగు లోపలికి పోతుంది. కొళాయికి నేరుగా మోటారు బిగిస్తే ఇంకా గట్టిగా లాగుతుంది. దయచేసి బిగించొద్దు, పక్కింటి బిడ్డలు తాగే నీళ్లవి. లైను చివరి ఇంట్లో క్లోరిన్ పరీక్ష చేయిస్తాను. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములుండాలి. మందు చుక్కలేస్తే నీళ్లు పసుపు తిరగాలి. తిరగకపోతే ఆ లైను తవ్వి చూడాల్సిందే.

చెత్త సంగతి తర్వాత మాట్లాడుకుందాం. తడి, పొడి మాత్రం ఈరోజు నుంచే వేరు చేయండి.

ఆదివారం పొద్దున ఆరున్నరకు వార్డు సచివాలయం నుంచి కాలవల వెంబడి నడుస్తాం. ఏఈని, శానిటేషన్ సెక్రటరీని రమ్మని అడిగినాను. పైపు కాలవలో ఉన్నవాళ్లు ఇంటి నంబరు రాయించండి, ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి.

వెనక నిలబడిన పెద్దాయనకు మైకు ఇవ్వండి. అడగండయ్యా.