పాత ఫొటోల డిజిటైజేషన్ ప్రణాళిక

ప్రధానోపాధ్యాయులకు, పూర్వ విద్యార్థుల సంఘానికి

స్టోర్ రూంలో లెక్క తేలినవి: విడి ఫొటోలు 1,200, అట్టలకు అంటించిన క్లాసు గ్రూప్ ఫొటోలు 38, నలుపు తెలుపు 35 ఎంఎం నెగెటివ్‌లు 240. వెనక గోడ వానాకాలంలో చెమ్మెక్కుతుంది. అందుకే పని వేసవి సెలవుల్లోనే, రోజుకు 40 ఫొటోల చొప్పున 30 రోజులు. వేగం పెంచమని అడగొద్దు, తుడిచి పెట్టడానికే సగం టైం పోతుంది.

ఎంత రిజల్యూషన్

పోస్ట్‌కార్డు సైజు ఫొటోలకు 600 డీపీఐ, పాస్‌పోర్టు సైజు వాటికి 1200, నెగెటివ్‌లకు 4000.

అసలు చిక్కు గ్రూప్ ఫొటోలతోనే. 10×12 అంగుళాల ఫొటోలో వెనక వరస పిల్లాడి ముఖం పావు అంగుళం. 300 డీపీఐలో అది 75 పిక్సెళ్లే, పెద్దది చేస్తే మసక. 500 అయితే 125 వస్తాయి, మనిషిని గుర్తుపట్టొచ్చు. ఇవి మన ఎ4 స్కానర్‌లో పట్టవు, అట్టలు కూడా వంగిపోయాయి. స్టాండుకు బిగించిన 24 మెగాపిక్సెల్ కెమెరాతో రెండు భాగాలుగా తీసి, మధ్యలో అంగుళం కలిసేలా అతికిస్తాం.

జిగురు పేజీల ఆల్బమ్‌ల నుంచి ఫొటో ఊడకపోతే లాగొద్దు. పేజీతో సహా కెమెరాతో తీయండి.

వెనక వైపు కూడా స్కాన్ తప్పనిసరి. ఒక విహారయాత్ర ఫొటో వెనక పెన్సిల్‌తో “సాగర్, 1966” అని, కింద ఉర్దూలో ఇంకో వరస ఉంది. ఫొటోలో ఉన్నదెవరో చెప్పే ఆధారం అదొక్కటే.

ఫైళ్లు

మాస్టర్ కాపీ కంప్రెషన్ లేని టిఫ్: ఫొటోలకు 24 బిట్ రంగు, నెగెటివ్‌లకు 16 బిట్ గ్రే. నలుపు తెలుపు ఫొటోలనూ రంగులోనే స్కాన్ చేస్తాం, పాత కాగితం మరకలు రికార్డులో ఉండాలి. ఆటో షార్పెనింగ్, దుమ్ము తొలగింపు ఆఫ్. ఎర్రబారిన రంగు ఫొటోలను సరిచేయాలనిపిస్తే జేపెగ్ కాపీలోనే, మాస్టర్ ముట్టుకోవద్దు. మొత్తం 100 జీబీ దాటదు.

పేర్లు ఇలా: `1974_10B_003_F.tif`. వెనక వైపుకు `F` బదులు `R`. ఏడాది తెలియకపోతే `0000`, ఊహించి రాయొద్దు.

తనిఖీ

ప్రతి ఫైలునూ స్కాన్ చేసినవాళ్లు కాక ఇంకొకరు తెరవాలి. గ్రూప్ ఫొటోలన్నీ, మిగతావాటిలో పదింట ఒకటి 100 శాతం జూమ్‌లో చూడాలి: అంచు తెగిందా, ముఖం తిరగబడిందా (నెగెటివ్‌లలో ఇది మామూలే, బోర్డు మీది అక్షరాలు చూస్తే దొరికిపోతుంది), తెల్ల చొక్కా మడతలు మాయమయ్యాయా. రోజు కోటాలో రెండు తప్పులు దొరికితే ఆ రోజువన్నీ మళ్లీ. రోజూ మొదటి స్కాన్ రంగుల కార్డుది.

సాయంత్రం చెక్‌సమ్, అంటే ఫైలు తర్వాత మారితే పట్టించే గుర్తు:

```
sha256sum *.tif > list.txt
sha256sum -c list.txt
```

రెండు హార్డ్ డిస్కులు, ఒక క్లౌడ్ కాపీ. రెండో డిస్కు బడిలో ఉండకూడదు, సంఘం కార్యదర్శి ఇంట్లో ఉంచుతాం. ఏటా జూన్‌లో రెండో కమాండ్ మళ్లీ నడపడం కంప్యూటర్ ల్యాబ్ బాధ్యత.