పుట్టినరోజు శుభాకాంక్షలు, సుధా!

సుధా,

పుట్టినరోజు శుభాకాంక్షలు! నేను మాధవిని. హాస్టల్లో కిటికీ పక్క మంచం మాధవిని. ఈ మెయిల్ నువ్వింకా చూస్తూనే ఉంటావన్న నమ్మకంతో రాస్తున్నా.

నీతో పనేమీ పడలేదు, చెప్పాల్సిన పెద్ద కబురూ ఏమీ లేదు. జనవరి వచ్చిందంటే నువ్వు గుర్తొస్తావు, అంతే. రాద్దామనుకోవడం, ఇన్నేళ్ల తర్వాత ఏమని మొదలుపెట్టాలో తోచక ఊరుకోవడం జరుగుతూ వచ్చింది. మనకి గొడవేం జరగలేదు కదా. నువ్వో ఊరు, నేనో ఊరు, ఉద్యోగాలు, ఇళ్లు, పిల్లలు. ఫోన్లు తగ్గి మెసేజ్‌లయ్యాయి, తర్వాత అవీ లేవు. అందుకే ఇవాళ నీ పుట్టినరోజే సాకుగా పలకరిస్తున్నా.

నువ్వంటే నాకు ముందు గుర్తొచ్చేది మేడ. పరీక్షల ముందు అందరూ తలుపులేసుకుని చదువుతుంటే నువ్వు నన్ను చెయ్యి పట్టుకుని పైకి లాక్కెళ్లేదానివి. చుక్కని వేలితో చూపించడం నీకు నచ్చేది కాదు. రెండు చేతులతో నా తల పట్టుకుని అటు తిప్పి, "ఇప్పుడు చెప్పు, ఏం కనిపిస్తోంది?" అనేదానివి. వరుసగా మూడు చుక్కలు కనిపిస్తున్నాయని నేనే చెప్పాలి. ఆ వరుసని కిందికి సాగదీస్తే లుబ్ధకుడు, పైకి సాగదీస్తే ఎర్రగా రోహిణి. ఆ దారి నేనే పట్టుకున్నాననుకుని ఆ రాత్రి ఎంత పొంగిపోయానో! నువ్వు ముందే చెప్పేసి ఉంటే మర్నాటికి మర్చిపోయేదాన్ని.

ఇంకోటి చెప్పాలి. 2020 మొదట్లో ఆరుద్ర నక్షత్రం మసకబారిపోయిందని, పేలిపోతుందేమోనని పేపర్లలో రాశారు చూడు. అప్పుడు నేను రోజూ రాత్రి బయటికొచ్చి దాన్ని వెతుక్కున్నా. పక్కనున్న చుక్కలతో పోల్చి చూస్తే నిజంగానే వెలుగు తగ్గిందని నా కంటికే తెలిసింది. పేలడమేం లేదని, అది వెళ్లగక్కిన ధూళే అడ్డుపడిందని తర్వాత తేల్చారు. ఆ కొన్ని నెలలూ, ఇది సుధ కూడా చూస్తూ ఉంటుంది, ఏమనుకుంటోందో అని ఒకటే ఆలోచన. చూశావా? అప్పుడే అడగాలనిపించిన ప్రశ్న, ఇప్పుడడుగుతున్నా.

నా సంగతులు క్లుప్తంగా. బ్యాంకులో పని చేస్తున్నా, పని బాగానే ఉంది. కళ్లజోడొచ్చింది. మా అమ్మాయి ఇప్పుడు ప్రశ్నలు వేసే వయసులో ఉంది. మొన్నీమధ్య ఆకాశం నిర్మలంగా ఉంటే పైకి తీసుకెళ్లి, నీలాగే దాని తల పట్టుకుని తిప్పా. మూడు చుక్కలూ అదే లెక్కపెట్టి, "ఇది నీకెవరు నేర్పారమ్మా?" అంది. నీ గురించి చాలాసేపు చెప్పా. టార్చికి ఎర్ర కాగితం చుట్టి, కళ్లు చీకటికి అలవాటు పడాలంటే తెల్ల వెలుతురు పనికిరాదని నువ్వు మా అందరినీ దబాయించడం కూడా చెప్పా. ఆ ఆంటీ మనింటికి ఎప్పుడొస్తుందని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు గానీ, ఆ మాట నీకు చేరవేయకుండా ఉండలేకపోయా.

నువ్వెలా ఉన్నావే? అమ్మా నాన్నా బాగున్నారా? మొదటి జీతంతో టెలిస్కోప్ కొంటానని డైరీ వెనక పేజీలో లెక్కలు వేసుకునేదానివి, కొన్నావా? శనిగ్రహం వలయాలు నీ కళ్లతో చూశావా? అన్నిటికీ జవాబు రాయక్కర్లేదు, ఆ టెలిస్కోప్ సంగతొక్కటి చెప్పినా నాకు సంతోషమే. తీరిక లేకపోయినా, రాయాలనిపించకపోయినా ఏమీ అనుకోను. నువ్వంటే నాకున్న ఇష్టం దానివల్ల తగ్గదు. మాట్లాడాలనిపిస్తే నా ఫోన్ నంబరు మాత్రం పాతదే, మార్చలేదు. రాత్రి పూట ఎప్పుడైనా చెయ్యి.

ఇవాళ నీకిష్టమైనట్టు గడవాలి. నీ చుట్టూ నిన్ను ప్రేమగా చూసుకునేవాళ్లు ఉండాలి. ఆరోగ్యం జాగ్రత్త. మరోసారి, మనస్ఫూర్తిగా పుట్టినరోజు శుభాకాంక్షలు సుధా.

నీ
మాధవి